‘చేయాలి’కి, ‘చేయవచ్చు’కు మధ్య: నర్సుల మార్గదర్శకాలు తెలుగులోకి వచ్చేటప్పుడు సలహా బరువు ఎక్కడ మారుతోంది?

సంక్షిప్తంగా

వైద్య మార్గదర్శకాల్లో కనిపించే ‘షుడ్’, ‘మే’, ‘కన్సిడర్’ వంటి మాటలు రాసేవారి ఇష్టాన్ని బట్టి పడినవి కావు. ఆ సలహా ఎంత గట్టిదో ఒక్కో మాట చెబుతుంది. తెలుగులోకి వచ్చేసరికి వీటిలో చాలావరకు ‘ఆలి’ అనే ఒకే క్రియాంతంలో కలిసిపోతున్నాయి. ‘సూచన’, ‘సిఫారసు’ అనే మాటల దగ్గర బరువులు తారుమారు కూడా అవుతున్నాయి. ప్రసవానంతర రక్తస్రావాన్ని అరికట్టడంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో వెలువరించిన మార్గదర్శకాల్లోని కొన్ని వాక్యాలను తీసుకుని, ఈ మార్పు ఎలా జరుగుతుందో, దాన్ని ఎలా పట్టుకోవచ్చో ఈ వ్యాసం వివరిస్తుంది.

మాట వెనుక ఉన్న కొలత

ప్రపంచ ఆరోగ్య సంస్థతో పాటు అనేక వైద్య సంఘాలు ‘గ్రేడ్’ అనే పద్ధతిలో మార్గదర్శకాలు తయారు చేస్తాయి. ఇందులో రెండు విషయాలను విడివిడిగా తూస్తారు. ఆధారం ఎంత నమ్మదగినది అన్నది ఒకటి, సలహా ఎంత గట్టిది అన్నది మరొకటి. గట్టి సలహా అంటే, దాదాపు ప్రతి రోగికీ ఆ పని చేయాల్సిందే, చేయకపోతే అందుకు చెప్పుకోదగ్గ కారణం ఉండాలి అని. బలహీన సలహా, అంటే ఇప్పుడు ఎక్కువగా ‘షరతులతో కూడిన సలహా’ అంటున్నది, వేరు. ఎక్కువమందికి మేలే అయినా రోగి ఇష్టాన్ని, పరిస్థితిని, ఉన్న సౌకర్యాలను బట్టి నిర్ణయం మారవచ్చు, అలా మారడం తప్పు కాదు అని దాని అర్థం. గ్రేడ్ పద్ధతిలో మొదటిదానికి సాధారణంగా ‘రికమెండ్’ అనీ, రెండోదానికి ‘సజెస్ట్’ అనీ వాడతారు.

ఇంగ్లండ్‌లోని నైస్ సంస్థ పద్ధతి కొంచెం వేరు. చట్టం విధించిన బాధ్యత ఉన్నప్పుడు, లేదా పాటించకపోతే పరిణామం చాలా తీవ్రంగా ఉంటుందనుకున్నప్పుడు మాత్రమే అది ‘మస్ట్’ అంటుంది. గట్టి సలహాను ‘వాడండి’, ‘ఇవ్వండి’ అన్నట్టు నేరుగా క్రియతో చెబుతుంది. ఆధారం అంత గట్టిగా లేనప్పుడు, లేదా లాభనష్టాలు దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు ‘కన్సిడర్’ వాడుతుంది.

ఇంగ్లీషు చదువరులకైనా ఇదంతా స్పష్టంగా అందుతోందా అంటే, లేదనే చెప్పాలి. ఇలాంటి పదాలు ఎంత బాధ్యతను ధ్వనిస్తాయో ఆరోగ్య రంగంలోని వారిని అడిగిన ఒక అమెరికా సర్వే 2010లో ప్రచురితమైంది. ‘మస్ట్’ అన్నిటికంటే పైన, ‘మే’, ‘మే కన్సిడర్’ అన్నిటికంటే కింద నిలిచాయి. మధ్యలో ఉన్న ‘షుడ్’ వంటి మాటలను ఒక్కొక్కరు ఒక్కోలా అర్థం చేసుకున్నారు. ఈ గందరగోళం తెలిసే మార్గదర్శకాలు రాసేవారు పత్రం మొదట్లో ఒక పేజీ కేటాయించి, ఏ మాటకు ఏ బరువో నిర్వచిస్తారు. అనువాదకుడి చేతికి సాధారణంగా వెళ్లేది సలహాల పట్టిక మాత్రమే. నిర్వచనాల పేజీ ఇంగ్లీషులోనే మిగిలిపోతుంది. మొదటి నష్టం అక్కడే జరుగుతుంది.

ఇది తెలుగుకే వచ్చిన చిక్కు కాదు. జర్మనీ వైద్య సంఘాల సమాఖ్య తన మార్గదర్శకాలకు మూడు మాటలు ఖరారు చేసుకుంది: గట్టి సలహాకు ‘జోల్’, దానికంటే తక్కువదానికి ‘జోల్టె’, రెండు వైపులా తెరిచి ఉంచినదానికి ‘కాన్’. నిఘంటువు తెరిస్తే ఇంగ్లీషు ‘షుడ్’కు దగ్గరగా కనిపించేది ‘జోల్టె’. కానీ అనేక ఇంగ్లీషు పత్రాల్లో ‘షుడ్’ గట్టి సలహాకు వాడే మాట. నిఘంటువును నమ్ముకుని అనువదిస్తే సలహా ఒక మెట్టు కిందికి జారుతుంది. జర్మన్లు ఈ చిక్కును మెట్లకు పేర్లు పెట్టి తీర్చుకున్నారు. తెలుగులో అలాంటి ఒప్పందం అందరికీ తెలిసేలా స్థిరపడలేదు.

‘ఆలి’ మోసే బరువులు, ‘గలరు’ చేసే మాయ

తెలుగులో ‘ఆలి’ ఎన్ని పనులు చేస్తుందో చూస్తే చిక్కు అర్థమవుతుంది. ‘పన్ను కట్టాలి’ అంటే బాధ్యత. ‘ఒకసారి కాశీ చూడాలి’ అంటే కోరిక. ‘ఈపాటికి బస్సు వచ్చి ఉండాలి’ అంటే ఊహ. ‘మా ఇంటికి తప్పకుండా రావాలి’ అంటే మర్యాద. మాట్లాడేటప్పుడు గొంతు, సందర్భం ఈ తేడాలను మోస్తాయి. ప్రసూతి గది గోడకు అంటించిన కాగితానికి గొంతు ఉండదు. అక్కడ ‘ఆలి’ని చదివే నర్సుకు అది పై నుంచి వచ్చిన ఆదేశమే. కాబట్టి గట్టి సలహాకూ, బలహీన సలహాకూ రెండింటికీ ‘ఆలి’ పెడితే బలహీనమైనది ఆదేశంగా మారుతుంది. పట్టికలోని పదిహేను పంక్తులూ ‘ఆలి’తోనే ముగిస్తే మరో నష్టం కూడా ఉంది. అన్నీ ఒకేలా వినిపించడంతో, నిజంగా తప్పకూడని రెండు మూడు పనులు మిగతావాటిలో కలిసి కనిపించకుండా పోతాయి.

‘వచ్చు’ది ఇంకో రకం ఇబ్బంది. ‘ఈ మందు వల్ల మగత రావచ్చు’ అన్నది అవకాశం. ‘ఈ మందు ఇవ్వవచ్చు’ అన్నది అనుమతి. ఇంగ్లీషు ‘మే’ కూడా ఈ రెండు పనులూ చేస్తుంది కాబట్టి ఇంతవరకు జోడీ కుదిరినట్టే ఉంటుంది. అయితే తెలుగు వాక్యంలో కర్తను చెప్పకపోయినా నడుస్తుంది. ‘ఇవ్వవచ్చు’ అంటే ఎవరు ఇవ్వవచ్చు? మార్గదర్శకం ఉద్దేశించింది మందు రాసే వైద్యుణ్ని అయితే, కాగితం చదువుతున్న నర్సుకు అది తనకిచ్చిన అధికారంలా కనిపిస్తుంది. ‘డాక్టర్ ఆదేశం లేకుండానే నేను ఇవ్వవచ్చా?’ అనే ప్రశ్నకు కాగితం అనుకోకుండా ‘అవును’ అని జవాబు చెప్పేస్తుంది. ‘మే’ ఉన్న ప్రతి వాక్యంలోనూ కర్తను రాసి తీరాలి: ‘డ్యూటీ డాక్టర్ ఈ మందు ఇవ్వాలనుకోవచ్చు, ఆదేశం రాశాకే ఇవ్వండి.’

కార్యాలయాల తెలుగులో ‘గలరు’ అని ఒకటి ఉంది. వ్యాకరణం ప్రకారం అది సామర్థ్యం. వాడుకలో మాత్రం ‘గమనించగలరు’, ‘హాజరు కాగలరు’ అని సర్క్యులర్‌లో వస్తే అది మర్యాద తొడుక్కున్న ఆజ్ఞ. హాజరు కాని వాడికి ఆ సంగతి మర్నాడు తెలుస్తుంది. ‘మే’ను, ‘కెన్’ను ‘గలరు’గా మారిస్తే మెట్లలో అట్టడుగున ఉన్న మాట నేరుగా పై మెట్టుకు ఎక్కుతుంది.

తారుమారైన జంట: సూచన, సిఫారసు

‘రికమెండ్’కు ‘సిఫారసు’, ‘సజెస్ట్’కు ‘సూచన’ అన్నది నిఘంటువు చెప్పే జోడీ. చూడటానికి తప్పేమీ లేదు. ఆసుపత్రి గడప దాటి లోపలికి వస్తే మాత్రం ఈ రెండు మాటల బరువులు తిరగబడతాయి.

‘వైద్యుల సూచన మేరకు వాడవలెను’ అని మందు సీసాల మీద చూసి చూసి తెలుగువారికి వైద్యంలో సూచన అంటే ఆదేశమే అయింది. ‘డాక్టర్ గారు ఈ మాత్రలు సూచించారు’ అంటే రాసిచ్చారని. ఇక సిఫారసు అంటే మొదట గుర్తొచ్చేది ఎమ్మెల్యే ఉత్తరం. లేదంటే ప్రభుత్వం పక్కన పెట్టే కమిటీ నివేదిక. చెల్లితే చెల్లుతుంది, లేకపోతే లేదు. అంటే గట్టి సలహా కోసం ఎంచుకున్న మాట ఐచ్ఛికంగా, బలహీన సలహా కోసం ఎంచుకున్న మాట ఆదేశంగా వినిపిస్తాయి. రెండూ ఒకే పేజీలో ఉంటే నర్సు రెండోదాన్ని ముందు పాటిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు.

ఈ రెండు నామవాచకాలనూ వదిలేయడమే మంచి దారి. సలహా బలాన్ని క్రియాంతానికో, నామవాచకానికో అప్పగించకుండా, వాక్యానికి ముందు ఒక ముద్రగా వేయవచ్చు: ‘గట్టి సలహా’, ‘పరిస్థితిని బట్టి’. ఆ ముద్రల అర్థాన్ని కాగితం పైభాగంలో రెండు వాక్యాల్లో చెప్పాలి. అప్పుడు క్రియాంతం కొంచెం అటూ ఇటూ అయినా బరువు నిలుస్తుంది.

ఒక పేజీ, నాలుగు బరువులు

2012 పత్రంలో ప్రసవం తర్వాత మాయ పడే దశకు సంబంధించిన సలహాలు ఈ సమస్యకు మంచి ఉదాహరణ. వాటిలో కొన్నింటిని సంస్థ తర్వాత నవీకరించింది. గర్భాశయాన్ని ముడుచుకునేలా చేసే మందులపై 2018లో కొత్త పత్రం వచ్చింది. అందువల్ల ఇక్కడివి భాష కోసం చూపుతున్న ఉదాహరణలే. వార్డులో అనుసరించాల్సింది అక్కడ అమల్లో ఉన్న తాజా ప్రోటోకాల్‌ను.

మొదటిది సులువు. ప్రతి కాన్పులోనూ రక్తస్రావ నివారణకు గర్భాశయాన్ని ముడిచే మందు ఇవ్వాలన్నది గట్టి సలహా. ఎంచుకోవాల్సిన మందు ఆక్సిటోసిన్, 10 యూనిట్లు, కండలోకి గానీ సిరలోకి గానీ. ‘ప్రతి కాన్పులోనూ ఇవ్వాలి’ అంటే సరిపోతుంది. ఇక్కడ ‘ఆలి’కి తగిన పనే దొరికింది.

రెండోది బొడ్డుతాడును అదుపుగా లాగి మాయను బయటికి తీసే పద్ధతి. ఇంగ్లీషు వాక్యంలో ‘రికమెండెడ్’ అనే ఉంది, కానీ వాక్యం చివర ‘బలహీన సలహా, అధిక నాణ్యత ఆధారం’ అన్న గుర్తు ఉంది. వాక్యంలోనే రెండు షరతులు కూడా ఉన్నాయి. ప్రసవం చేయించడంలో శిక్షణ పొందినవారు ఉండాలి. రక్తం కొద్దిగా తక్కువ పోవడం, మాయ కొద్దిగా త్వరగా పడటం ముఖ్యమని తల్లి, ప్రసవం చేయిస్తున్నవారు ఇద్దరూ అనుకోవాలి. ఆధారం బలంగా ఉంటే సలహా బలహీనం ఎందుకయిందన్న సందేహం ఇక్కడే పుడుతుంది. ఆధారం బలంగా చెబుతున్నది, లాభం ఉన్నా అది చిన్నదే అని. చిన్న లాభం కోసం ఏం చేయాలో మనిషిని బట్టి మారుతుంది. శిక్షణ పొందినవారు లేనిచోట ఇదే పనిని చేయవద్దని అదే పత్రం గట్టిగా చెబుతుంది. తెలియని చేయి లాగితే తాడు తెగవచ్చు, గర్భాశయం తిరగబడవచ్చు.

దీన్ని ‘బొడ్డుతాడును అదుపుగా లాగి మాయను తీయాలి’ అని ఒక్క ముక్కలో అనువదిస్తే వ్యాకరణ దోషం ఉండదు. షరతులు రెండూ పోతాయి, బలహీన సలహా ఆదేశమవుతుంది. బరువు నిలిచే వాక్యం ఇలా ఉంటుంది: ‘పరిస్థితిని బట్టి: శిక్షణ ఉన్నవారు బొడ్డుతాడును అదుపుగా లాగి మాయను తీయడం వల్ల కొద్దిపాటి లాభం ఉంటుంది. తల్లికి చెప్పి, ఆమె సరేనంటే చేయండి. శిక్షణ లేనివారు లాగవద్దు.’ పొడుగైంది. ఆ పొడుగును భరించక తప్పదు.

మూడోది అన్నిటికంటే చిక్కైనది. నివారణ కోసం ఆక్సిటోసిన్ ఇచ్చిన తల్లికి, రక్తస్రావం రాకుండా ముందుజాగ్రత్తగా గర్భాశయాన్ని నిరంతరం మర్దన చేయడాన్ని పత్రం సిఫారసు చేయదు. ఇదీ బలహీన సలహాయే. తల్లికి అసౌకర్యం, ఒక సిబ్బంది అదే పనిలో ఉండిపోవాల్సి రావడం, అంత చేసినా రక్తం తక్కువ పోతుందన్న భరోసా లేకపోవడం ఇందుకు కారణాలు. అదే పత్రంలో రెండు గట్టి సలహాలున్నాయి. ప్రతి తల్లికీ పొత్తికడుపు మీద చేయి పెట్టి గర్భాశయం గట్టిపడిందో లేదో చూడాలన్నది ఒకటి. రక్తస్రావం మొదలైతే చికిత్సగా గర్భాశయాన్ని మర్దన చేయాలన్నది మరొకటి. ఈ రెండింటికీ ఉన్న ఆధారం చాలా తక్కువ నాణ్యతదే. అయినా పని సులువు, ప్రమాదం స్వల్పం, చేయకపోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే సలహా గట్టిది. ఆధారం బలహీనమైతే సలహా కూడా బలహీనమే అనుకుని ‘చేయవచ్చు’ అని దించేసే అనువాదకుడు ఇక్కడ ప్రమాదకరమైన తప్పు చేస్తాడు.

ఇప్పుడు మర్దన వాక్యానికి తొందర అనువాదం ఊహించండి: ‘ఆక్సిటోసిన్ ఇచ్చిన తల్లులకు గర్భాశయ మర్దన చేయకూడదు.’ అర్ధరాత్రి డ్యూటీలో ఒక తల్లికి ఇంజక్షన్ ఇచ్చారు. అరగంటకు గుడ్డలు తడుస్తున్నాయి, చేయి పెడితే గర్భాశయం మెత్తగా తగులుతోంది. వెంటనే చేయాల్సిన పని మర్దన. గోడ మీది కాగితం చేయకూడదంటోంది. ఆ ఒక్క వాక్యంలో మూడు ముక్కలు జారిపోయాయి: ‘నిరంతరం’ అన్న మాట, ‘నివారణ కోసం’ అన్న ఉద్దేశం, సలహా బలహీనమైనదన్న గుర్తు.

వద్దనడంలో మూడు మెట్లు

అదృష్టవశాత్తు వద్దనే విషయంలో తెలుగు చాలా సూక్ష్మంగా మాట్లాడగలదు. ‘చేయకూడదు’ అంటే నిషేధం. ‘చేయకపోవడం మేలు’ అంటే అటువైపు మొగ్గు. ‘చేయనక్కరలేదు’ అంటే చేసినా చేయకపోయినా పట్టింపు లేదు, శ్రమ మిగుల్చుకోండి అని. వద్దని గట్టిగా చెప్పేదానికి మొదటిది, బలహీనంగా చెప్పేదానికి రెండోది సరిపోతాయి. మూడోదాన్ని మూలంలో ‘అవసరం లేదు’ అని స్పష్టంగా ఉన్నచోటికే ఉంచుకోవాలి. మర్దన వాక్యం అప్పుడిలా వస్తుంది: ‘పరిస్థితిని బట్టి: ఆక్సిటోసిన్ ఇచ్చాక, రక్తస్రావం లేనప్పుడు, ముందుజాగ్రత్త పేరుతో గర్భాశయాన్ని అదే పనిగా మర్దన చేయకపోవడం మేలు. రక్తస్రావం మొదలైతే వెంటనే మర్దన చేయాలి.’

‘రొటీన్‌గా ఇవ్వవద్దు’ అన్న వాక్యం కూడా ఈ కోవలోదే. దాన్ని ‘సాధారణంగా ఇవ్వకూడదు’ అంటే ‘మామూలు పరిస్థితుల్లో నిషేధం’ అని ధ్వనిస్తుంది. మూలం చెప్పేది అది కాదు. వచ్చిన ప్రతివారికీ అలవాటుగా ఇవ్వవద్దు, కారణం ఉంటే ఇవ్వండి అని. ‘అందరికీ అలవాటుగా ఇవ్వవద్దు’ అంటే ఆ అర్థం నిలుస్తుంది.

‘కన్సిడర్’: ‘పరిశీలించాలి’తో వచ్చిన ఇబ్బంది

పడక పుండ్ల నివారణపై నైస్ 2014లో ఇచ్చిన మార్గదర్శకంలో ఒక వాక్యం ఉంది. మలమూత్రాలు అదుపులో లేకపోవడం, వాపు, పొడిబారిన చర్మం వంటివి ఉండి, తడి వల్ల చర్మం దెబ్బతినే ముప్పు ఎక్కువగా ఉన్న పెద్దలకు రక్షణ లేపనం వాడటాన్ని ‘కన్సిడర్’ చేయమంటుంది. తెలుగులో దీనికి అలవాటుగా పడే మాట ‘పరిశీలించాలి’.

వార్డులో ‘పరిశీలించడం’ అంటే కళ్లతో చూడటం. రోగిని పరిశీలిస్తారు, గాయాన్ని పరిశీలిస్తారు. ‘రక్షణ లేపనాన్ని పరిశీలించాలి’ అని చదివిన నర్సు ట్యూబు మీది గడువు తేదీ చూసి పెట్టేస్తే తప్పు ఆమెది కాదు. పైగా చర్మాన్ని పరీక్షించడం అదే మార్గదర్శకంలో వేరే సలహాగా ఉంది కాబట్టి రెండూ కలిసిపోతాయి. ‘ఆలోచించాలి’ కొంత నయం, కానీ ఆలోచించి ఏం చేయాలో చెప్పదు.

ఈ మాటలోని అసలు సంగతి, బాధ్యత ఎక్కడ పడుతుందన్నది. లేపనం రాయడం నర్సుకు తప్పనిసరి కాదు. రాయాలా వద్దా అన్న ప్రశ్న వేసుకోవడం మాత్రం తప్పనిసరి. కాబట్టి ‘ఆలి’ ఉండవచ్చు, అది పని మీద కాకుండా ప్రశ్న మీద పడాలి: ‘తడి వల్ల చర్మం దెబ్బతినే ముప్పు ఎక్కువగా ఉన్నవారికి రక్షణ లేపనం రాయాలా వద్దా అన్నది ఆ రోగిని చూసి తేల్చుకోవాలి.’ ఇలా రాస్తే రాయకుండా ఉండటం నిర్లక్ష్యం కాదు, అసలు ఆ ప్రశ్నే వేసుకోకపోవడం నిర్లక్ష్యం.

తప్పును పట్టుకునే పరీక్ష

అనువాదం సరిచూడటానికి తెలుగు వాక్యాన్ని మరొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి చేయించడం పాత అలవాటు. మందు మోతాదు, అవయవం పేరు తప్పితే ఇది పట్టిస్తుంది. సలహా బరువు దగ్గర మాత్రం పనికిరాదు. ‘చేయాలి’ని తిరిగి అనువదించే మనిషి ‘షుడ్’ అని రాస్తాడు. మూలంలోనూ ‘షుడ్’ ఉంటే రెండూ సరిపోయాయని టిక్కు పడుతుంది. మధ్యలో తెలుగు వాక్యం నర్సు చెవిలో ‘మస్ట్’గా మోగిన సంగతి ఎవరికీ తెలియదు.

బరువు తెలియాలంటే చదివేవారినే అడగాలి. అనువాదంలో పాలుపంచుకోని ఐదారుగురు నర్సులకు వాక్యం చూపించి మూడు ప్రశ్నలు వేస్తే చాలు. ఈ షిఫ్టులో పది మంది తల్లులు ప్రసవిస్తే ఎంతమందికి ఈ పని చేస్తారు? ఒకరికి చేయకపోతే కేస్ షీట్‌లో కారణం రాస్తారా? తల్లి వద్దంటే ఏం చేస్తారు? ఆక్సిటోసిన్ వాక్యానికి ‘పది మందికీ’, ‘రాస్తాం’ అన్న జవాబులు రావాలి. బొడ్డుతాడు వాక్యానికి ‘అడిగి చూస్తాం’, ‘వద్దంటే ఆగుతాం’ అన్న జవాబులు రావాలి. రెండింటికీ ఒకే జవాబు వస్తే ఆ వాక్యాల్లో తేడా లేనట్టే, ఇంగ్లీషులో ఎంత ఉన్నా సరే. సర్దాల్సింది వాక్యాన్ని, నర్సులకు శిక్షణ పెంచితే సరిపోతుందన్న నిర్ణయానికి తొందరపడి రావడం అనువాదకుడి పొరపాటును చదువరి మీదికి నెట్టడమే.

వాక్యం నెగ్గాక కూడా దాన్ని ఓడించగల కాగితం ఇంకొకటి ఉంది, తనిఖీ పత్రం. అందులో ప్రతి పనికీ ‘చేశారు’, ‘చేయలేదు’ అని రెండే గళ్లుంటాయి. పరిస్థితిని బట్టి తీసుకోవాల్సిన నిర్ణయానికి అక్కడ చోటు లేదు. తల్లి వద్దన్నందుకు ఆగిన నర్సు ‘చేయలేదు’ గడిలో టిక్కు పెట్టాలి, నెలాఖరు లెక్కలో అది లోపంగా తేలుతుంది. రెండు నెలలు అలా జరిగాక మూడో నెల నుంచి ఎవరూ తల్లిని అడగరు. గోడ మీది అనువాదం ఎంత జాగ్రత్తగా చేసినా అసలు సలహా బరువును ఈ పత్రమే నిర్ణయిస్తుంది. బలహీన సలహాలున్న వరుసల్లో ‘మాట్లాడి, వద్దనుకున్నారు’ అనే మూడో గడి కూడా గీస్తే తప్ప ‘పరిస్థితిని బట్టి’ అన్న ముద్రకు వార్డులో అర్థం ఉండదు.